సమానత ఎక్కువ, ప్రాబల్యమూ ఎక్కువ: ఒకే అడవికి రెండు తీర్పులు

1973లో ‘ఎకాలజీ’ పత్రిక 54వ సంపుటంలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఎం.ఓ. హిల్ రాసిన మొదటిది, అప్పటికి వాడుకలో ఉన్న ముఖ్యమైన వైవిధ్య సూచికలు ఒకే సూత్రానికి వేర్వేరు రూపాలని చూపింది. డేనియల్ జాన్‌జెన్ రాసిన రెండోది, ఉష్ణమండల అడవుల్లో ఆకుల మీద వల తిప్పి పట్టిన పురుగుల జాబితా. కోస్టారికాలోని ఓసా ద్వీపకల్పంలో ఆయన పట్టిన పెంకు పురుగుల లెక్కలను గణాంకవేత్తలు ఈనాటికీ ఉదాహరణగా వాడుతున్నారు. పాత అడవిలో 237 పురుగులు, 112 జాతులు. ఒకసారి పోయి మళ్లీ పెరిగిన అడవిలో 976 పురుగులు, 140 జాతులు.

ఈ రెండు అడవుల్లో దేని పురుగుల సమూహం ఎక్కువ సమానంగా ఉంది? దేనిలో ఏదో ఒక జాతి ప్రాబల్యం ఎక్కువ? ఈ ప్రశ్నలకు పాత సూచికలతో జవాబు చెప్పాలా, ప్రభావ జాతుల సంఖ్యతో చెప్పాలా అన్నది యాభై ఏళ్లుగా నలుగుతున్న వివాదం. ఇప్పటి పరిశోధకుల్లో చాలామంది మొగ్గు ప్రభావ సంఖ్య వైపే. ఆ మొగ్గు వైవిధ్యం విషయంలో సరైనదే. సమానత దగ్గరికి వచ్చేసరికి మాత్రం సూత్రం మార్చినంతలో చిక్కు వీడదు. ఎందుకో ఈ పురుగుల లెక్కలే చెబుతాయి.

ఒకే లెక్క, అనేక అంకెలు

జాన్‌జెన్ అంకెల నుంచి సాధారణంగా పేపర్లలో కనిపించే కొలతలు లెక్కగడితే ఇలా వస్తాయి. ఇక్కడ p ఒక జాతి వాటా, D అంటే ఆ వాటాల వర్గాల మొత్తం.

| కొలత | పాత అడవి | మళ్లీ పెరిగిన అడవి |
|---|---|---|
| జాతుల సంఖ్య, S | 112 | 140 |
| షానన్ సూచిక, H | 4.07 | 3.94 |
| సింప్సన్ సూచిక, 1 − D | 0.956 | 0.965 |
| exp(H) | 58.3 | 51.2 |
| 1/D | 22.5 | 28.9 |
| పీలూ సమానత, J = H / ln S | 0.86 | 0.80 |
| అన్నిటికన్నా ఎక్కువున్న జాతి వాటా | 17.7% | 7.9% |

చివరి రెండు వరుసలను కలిపి చదవండి. పీలూ సూచిక ప్రకారం పాత అడవే ఎక్కువ సమానం. అదే పాత అడవిలో ఒక్క జాతే దాదాపు ఆరో వంతు పురుగులను ఆక్రమించింది. సమానత ఎక్కువైతే ప్రాబల్యం తగ్గాలని మనం అనుకుంటాం. ఇక్కడ రెండూ ఎక్కువే అంటున్నాయి. రెండు అంకెల్లోనూ లెక్క తప్పు లేదు. అవి చూస్తున్న చోట్లు వేరు.

పాత సూచికల లోపం ఎక్కడుంది

షానన్ సూచిక 1948లో సమాచార సిద్ధాంతం నుంచి వచ్చింది. తర్వాతి పురుగు ఏ జాతిదో ముందుగా చెప్పడంలో ఎంత అనిశ్చితి ఉందో అది కొలుస్తుంది. 1949లో ఇ.హెచ్. సింప్సన్ ‘నేచర్’లో రాసిన చిన్న వ్యాసం D ని ఇచ్చింది: యాదృచ్ఛికంగా తీసిన రెండు జీవులు ఒకే జాతివి అయ్యే సంభావ్యత. అనిశ్చితి, సంభావ్యత రెండూ అర్థవంతమైన రాశులే. వాటిని వైవిధ్యమే అనుకుని, వాటి మధ్య శాతాలు లెక్కగట్టడంతోనే ఇబ్బంది మొదలవుతుంది.

సరిసమానంగా ఉన్న 100 జాతుల సమూహాన్ని తీసుకుందాం. 1 − D విలువ 0.99. వాటిలో సగం జాతులు అంతరించి, 50 సరిసమానంగా మిగిలాయి. ఇప్పుడు విలువ 0.98. సగం జాతులు పోతే సూచిక ఒక్క శాతం తగ్గింది. షానన్ సూచిక 4.61 నుంచి 3.91కి, అంటే 15 శాతం తగ్గింది. ఈ శాతాలను చదివి ‘స్వల్ప నష్టం’ అని రాసిన వాళ్లను తప్పుబట్టలేం, అంకె అలాగే చెప్పింది మరి.

ప్రభావ జాతుల సంఖ్య దీన్ని సరిచేస్తుంది. ఒక సమూహం ఇచ్చిన సూచిక విలువే రావాలంటే సరిసమానంగా ఉండే జాతులు ఎన్ని కావాలి అన్నదే దాని ప్రశ్న. షానన్ విషయంలో జవాబు exp(H), సింప్సన్ విషయంలో 1/D. పై ఉదాహరణలో రెండూ 100 నుంచి 50కి దిగుతాయి. షానన్ సూచికను ఇలా మార్చుకోవచ్చని రాబర్ట్ మెకార్థర్ 1965లోనే అన్నాడు. హిల్ వీటిని ఒకే సూత్రం కిందికి తెచ్చాడు:

```
N_q = (Σ p_i^q)^(1/(1−q))
```

q విలువ 0 అయితే జాతుల సంఖ్య, 1కి చేరువైతే exp(H), 2 అయితే 1/D, అనంతమైతే అతి పెద్ద వాటాకు విలోమం. q పెరిగేకొద్దీ అరుదైన జాతుల బరువు తగ్గి, సాధారణ జాతుల బరువు పెరుగుతుంది. మూడు దశాబ్దాల పాటు పెద్దగా పట్టించుకోని ఈ మాటను 2006లో లూ జోస్ట్ ‘ఆయికోస్’లో గట్టిగా మళ్లీ ముందుకు తెచ్చాక, ప్రభావ సంఖ్యలు మెల్లగా వాడుకలో స్థిరపడ్డాయి.

ఓసా లెక్కల్లో దీని లాభం వెంటనే కనబడుతుంది. 0.956, 0.965 చూసినవారికి రెండు అడవులూ ఒకటే అనిపిస్తాయి. 22.5, 28.9 చూస్తే తేడా కంటికి ఆనుతుంది. exp(H) లో పాత అడవిది పైచేయి, 1/D లో మళ్లీ పెరిగిన అడవిది పైచేయి. అంటే q మారేకొద్దీ N_q ని గీస్తే వచ్చే రెండు వక్రరేఖలు మధ్యలో ఒకదాన్నొకటి దాటుతున్నాయి. అలా దాటినప్పుడు ‘ఏది ఎక్కువ వైవిధ్యం’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. అరుదైన జాతులకు ఎంత బరువిస్తున్నారో చెప్పాకే జవాబు వస్తుంది. మూడు నాలుగు q విలువల దగ్గర అంకెలు ఇస్తే పాఠకుడు ఈ దాటడాన్ని చూడగలడు. ఒక్క H తో అది కనబడదు.

సమానత దగ్గర తగువు

ప్రభావ సంఖ్యను సమానతగా మార్చే తేలిక దారి, దాన్ని జాతుల సంఖ్యతో భాగించడం. exp(H)/S అలా వచ్చిందే. పాత అడవికి 0.52, రెండోదానికి 0.37. అదే 1/D ని S తో భాగిస్తే 0.20, 0.21. మొదటి లెక్కలో పాత అడవి చాలా ముందుంది, రెండో లెక్కలో రెండూ దాదాపు సమానం. కొలమానం కొత్తదే అయినా తీర్పు నిలకడగా లేదు.

భాగహారానికి ఒక మంచి గుణముంది. 90, 10 శాతాల వాటాలున్న రెండు జాతుల సమూహాన్ని తీసుకోండి. అచ్చం అలాంటిదే, ఉమ్మడి జాతులేవీ లేని ఇంకో సమూహాన్ని దానికి కలిపితే వాటాలు 45, 5, 45, 5 అవుతాయి. ఎక్కువ తక్కువల ఆకృతి మారలేదు. exp(H)/S రెండింటికీ 0.69 దగ్గరే నిలుస్తుంది. పీలూ J మాత్రం 0.47 నుంచి 0.73కి ఎగబాకుతుంది. అంటే జాతులు పెరగడం వల్లే J పెరగగలదు. జాతుల సంఖ్యలో బాగా తేడా ఉన్న చోట్ల J లను పక్కపక్కన పెట్టడం ఇందుకే ప్రమాదం.

అయితే J ని కొట్టిపారేయడానికీ వీల్లేదు. ప్రభావ సంఖ్యను N అంటే, N/S కి ఎప్పుడూ సున్నా రాదు. దాని కనిష్ఠం 1/S. రెండు జాతులుంటే ఎంత ఘోరమైన అసమానతలోనైనా అది 0.5 కింద పడదు. 100 జాతులుంటే 0.01 దాకా దిగుతుంది. ఉన్న జాతుల సంఖ్యకు సాధ్యమైన కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఈ సమూహం ఎక్కడుంది అని అడిగితే (N − 1)/(S − 1) లాంటి రూపం కావాలి. ఆన్ చావ్, కార్లో రికొట్టా 2019లో ఇలాంటి కొలతల కుటుంబాన్ని వివరించారు. జోస్ట్ కూడా 2010లో J ని ఈ రకం సాపేక్ష కొలతగానే సమర్థించాడు. ప్రభావ సంఖ్యల కోసం అంతగా వాదించిన మనిషే పీలూ సూచికకు చోటిచ్చాడన్న సంగతి చాలామంది గమనించరు. అదే వ్యాసంలో ఆయన ఇంకో మాట అన్నాడు: వైవిధ్యాన్ని ఒకదానిపై ఒకటి ఆధారపడని ‘జాతుల సంఖ్య’, ‘సమానత’ అనే రెండు ముక్కలుగా విడగొట్టడం గణితపరంగా కుదరని పని.

అందుకని సరైన సమానత సూచిక ఏదన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. సమూహాన్ని రెట్టింపు చేసినా మారకూడదు అనుకుంటే N/S. పూర్తి అసమానతకు సున్నా రావాలి అనుకుంటే (N − 1)/(S − 1). రెండు గుణాలూ ఒకే కొలతలో దొరకవు. ‘ఈవెన్‌నెస్ 0.52’ అని మాత్రమే రాసి సూత్రం చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

నమూనా చేసే మాయ

ఓసా చిక్కుకు అసలు కారణం సూత్రాల్లో లేదు, S లో ఉంది. పాత అడవిలో దొరికిన 112 జాతుల్లో 84 ఒక్కొక్కటే పురుగుతో దొరికాయి. రెండో అడవిలో 140కి 70 అలాంటివి. ఒక్కసారే కనబడ్డ జాతులు ఇన్ని ఉన్నాయంటే వలకు చిక్కనివి ఇంకా చాలా ఉన్నాయనే. అలన్ ట్యూరింగ్ ఆలోచన నుంచి ఐ.జె. గుడ్ 1953లో వెలువరించిన సులువైన అంచనా ఒకటుంది. ఒక్కొక్కటే దొరికిన జాతుల సంఖ్యను మొత్తం జీవుల సంఖ్యతో భాగించి 1 నుంచి తీసేస్తే, మన జాబితాలో చేరిన జాతులు ఆ సమూహంలో ఎంత భాగానికి ప్రాతినిధ్యం వహిస్తున్నాయో తెలుస్తుంది. దీన్ని కవరేజీ అంటారు. పాత అడవికి 1 − 84/237, అంటే 0.65. రెండోదానికి 1 − 70/976, అంటే 0.93. ఒకటి మూడింట రెండు వంతులు చూసిన చిత్రం, రెండోది దాదాపు పూర్తిగా చూసిన చిత్రం. ఈ రెండింటినీ ఎలాంటి సవరణా లేకుండా పోల్చాం.

తక్కువ చూసిన నమూనా సమానంగా కనిపించడం సహజం. అందులో చాలా జాతులకు ఒకటి, ఒకటి, ఒకటి అనే లెక్కే ఉంటుంది. ఒకట్లన్నీ ఒకదానికొకటి సమానమే కదా. మరింత పట్టి ఉంటే ఆ ఒకట్లు విడిపోయి ఒకటి ఇరవై అయ్యేది, ఇంకోటి ఒకటిగానే మిగిలేది, కొత్త ఒకట్లు చాలా వచ్చి చేరేవి. పాత అడవి J విలువ 0.86లో కొంత భాగం అడవిది, కొంత భాగం తక్కువ పట్టిన వలది.

దీన్ని పరీక్షించడానికి రెండో అడవి నమూనాను కూడా 0.65 కవరేజీకి తగ్గించి చూడొచ్చు. లెక్క వేస్తే అందుకు సుమారు 50 పురుగులు చాలు. వాటిలో సగటున 29 జాతులు వస్తాయి, 1/D సుమారు 19 ఉంటుంది. అప్పుడు 1/D ని S తో భాగిస్తే 0.65 దగ్గరికి వస్తుంది. పాత అడవిది 0.20. ఇక exp(H) ఎప్పుడూ 1/D కన్నా తక్కువ ఉండదు కాబట్టి, ఆ స్థాయిలో రెండో అడవి J కనీసం 0.87 ఉంటుంది, పాత అడవి 0.86ని దాటుతుంది. మొదట పాత అడవి వైపు ఉన్న తీర్పు తిరగబడింది.

ఇంకో దారిలోనూ ఇదే వస్తుంది. కనబడని జాతులను కలిపి మొత్తం జాతుల సంఖ్యకు కనీస అంచనా ఇచ్చే చావ్-1 సూత్రం పాత అడవికి 463, రెండోదానికి 284 ఇస్తుంది. 1/D ని నమూనా పరిమాణానికి సవరిస్తే 24.8, 29.7. భాగిస్తే 0.05, 0.10. ఇవి ఖచ్చితమైన విలువలు కావు, ఎందుకంటే కింద ఉన్న జాతుల సంఖ్య కనీస అంచనా మాత్రమే. కానీ దిశ ముందటి లెక్కతో ఏకీభవిస్తోంది. S ని అసలు వాడకుండా హిల్ సంఖ్యలనే పోల్చే అలటాలో నిష్పత్తి (N2 − 1)/(N1 − 1) కూడా, ఏ సవరణా లేకుండానే, 0.38, 0.56 అని అటే మొగ్గుతుంది.

ప్రాబల్యాన్ని విడిగా చెప్పాలి

ఇక ప్రాబల్యం. సమానతను 1 నుంచి తీసేసి దాన్నే ప్రాబల్యం అనడం ఒక అలవాటు. D నే ప్రాబల్యం అనడం ఇంకో అలవాటు. మన దేశంలో అడవుల వృక్ష సముదాయాలపై వచ్చే వ్యాసాల్లో సింప్సన్ D ని ‘ప్రాబల్య కేంద్రీకరణ’ అనే అర్థంలో ఇవ్వడం మామూలు. ఓసాలో D విలువలు 0.044, 0.035. చదివేవారికి అవి ఏమీ చెప్పవు. పైగా D కి కూడా దోష పరిధి ఉంది. 237 పురుగుల నమూనాలో సవరించిన 1/D స్థూలంగా 18 నుంచి 41 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండో అడవి 29.7 ఆ పరిధిలోనే పడుతుంది. అంటే q = 2 దగ్గర రెండు అడవులకూ తేడా ఉందని ఈ లెక్కలతో చెప్పలేం.

అతి పెద్ద జాతి వాటా మాత్రం స్పష్టం. దీన్ని బెర్జర్-పార్కర్ సూచిక అంటారు, 1970లో వచ్చింది. పాత అడవిలో 17.7 శాతం, దోష పరిధితో సుమారు 13 నుంచి 23. రెండోదానిలో 7.9 శాతం, పరిధి సుమారు 6 నుంచి 10. పరిధులు తగలవు. ఈ కొలతను ప్రభావ సంఖ్యగా తిప్పితే 5.6, 12.7 వస్తాయి. కానీ ‘17.7 శాతం’ అన్నదే పాఠకుడికి నేరుగా అర్థమవుతుంది కాబట్టి తిప్పకుండా వదిలేయడమే మేలు. ప్రభావ సంఖ్య అన్నిచోట్లా మెరుగు అన్న నియమానికి ఇది మినహాయింపు. దీని పరిమితి కూడా తెలుసుకోవాలి: రెండో, మూడో స్థానాల్లో ఏముందో ఇది చూడదు. రెండో అడవిలో 77, 71, 64, 60, 57, 57 లెక్కలతో ఆరు జాతులు దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. పాత అడవిలో 42 తర్వాత ఒక్కసారిగా 14కి పడిపోతుంది. ఈ మెట్టు ఒక్క అంకెలో ఇమడదు, వరుస క్రమంలో గీసిన పటంలో కనబడుతుంది.

పాత సూచికలకు చోటెక్కడ

అడిగే ప్రశ్నే సంభావ్యత గురించి అయినప్పుడు 1 − D నే సరైన జవాబు. ఒక దోమ వరసగా రెండు జంతువులను కుడితే అవి వేర్వేరు జాతులవి అయ్యే అవకాశం ఎంత అన్న ప్రశ్నకు 28.9 జవాబు కాదు, 0.965 జవాబు. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1971లో ఈ అర్థం కోసమే ఆ కొలతను నిలబెట్టాడు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు 1982లో ప్రతిపాదించిన వర్గ ఎంట్రోపీ దీనికి విస్తరణే: జాతుల మధ్య దూరాలన్నీ ఒకటే అనుకుంటే అది 1 − D గా మారుతుంది. పాత పేపర్లతో పోల్చవలసి వచ్చినప్పుడు H ఇవ్వడంలోనూ తప్పులేదు, దాని నుంచి exp(H) ఎవరైనా తీసుకోవచ్చు. లాగరిథమ్ ఆధారం మాత్రం చెప్పాలి. పాత అడవి H విలువ 4.07, లాగరిథమ్‌ను 2 ఆధారంగా తీసుకుంటే 5.86 అవుతుంది.

పేర్ల గందరగోళం ఇంకో అడ్డంకి. ‘సింప్సన్’ అన్న ఒకే పేరు కింద ఒక పేపర్ 0.044, ఇంకోటి 0.956, మరోటి 22.5 ఇవ్వొచ్చు. మూడూ ఒకే అడవివి. R లోని `vegan` ప్యాకేజీలో `"simpson"` అంటే 1 − D. `PAST` సాఫ్ట్‌వేర్‌లో `Evenness` అంటే exp(H)/S, పీలూ J కి అక్కడ `Equitability` అని పేరు. ఒకరు 0.52 అని, ఇంకొకరు 0.86 అని రాసి ఇద్దరూ దాన్ని ఈవెన్‌నెస్ అంటే, తేడా అడవిలోది కాదు, బటన్‌లోది. అలాగే చెట్ల విషయంలో వాటాలను చెట్ల సంఖ్యతో లెక్కించారా, కాండం విస్తీర్ణంతోనా, ప్రాధాన్యతా విలువతోనా అన్నదీ చెప్పాలి. సంఖ్యతో కాకుండా వేరేదానితో లెక్కిస్తే పైన వాడిన కవరేజీ, చావ్-1 సూత్రాలు వర్తించవు.

నివేదికలో ఏం రాయాలి

కనీసం కావలసినవి ఐదు వరసల్లో వస్తాయి. `x` ఒక చోటి జాతుల లెక్కల జాబితా అనుకుంటే:

```r
library(vegan)
N0 <- specnumber(x)
N1 <- exp(diversity(x, "shannon"))
N2 <- diversity(x, "invsimpson")
top <- max(x) / sum(x)
cover <- 1 - sum(x == 1) / sum(x)
```

చివరి వరుసలోని కవరేజీ అంకెను మొదట చూడాలి. పోల్చే చోట్ల కవరేజీలో తేడా పెద్దదైతే, `iNEXT` లాంటి ప్యాకేజీతో ఒకే కవరేజీకి తెచ్చాకే N0, N1 లను పోల్చాలి. N2 మీద అరుదైన జాతుల ప్రభావం తక్కువ కాబట్టి దానికి సవరించిన అంచనా, దోష పరిధి చాలు. ప్రాబల్యానికి అతి పెద్ద జాతి వాటాను శాతంగా ఇవ్వాలి. ఆ జాతి పేరు కూడా చెబితే చదివేవారికి జీవశాస్త్రపరంగా ఏదో తెలుస్తుంది. సమానత అంకె చివర్లో, సూత్రంతో సహా రావాలి. కవరేజీ 0.65 లాంటి చోట, S తో భాగించే సమానతను సవరణ లేకుండా ఇవ్వకపోవడమే మంచిది.

ఓసా పెంకు పురుగుల మీద అలాంటి నివేదిక ఇలా ఉంటుంది: పాత అడవి నమూనా అసంపూర్ణం, కవరేజీ 0.65. ఒకే కవరేజీ దగ్గర అక్కడ 112 జాతులు, మళ్లీ పెరిగిన అడవిలో సుమారు 29. పాత అడవిలో ఒకే జాతి వాటా 17.7 శాతం, రెండోదానిలో 7.9. సవరించిన 1/D విలువల్లో నిర్ధారించదగ్గ తేడా లేదు. ఒకే కవరేజీ దగ్గర సమానత, 1/D ని S తో భాగించే పద్ధతిలో, పాత అడవిలోనే తక్కువ. పాత అడవి అరుదైన జాతుల వల్ల సంపన్నం, ఒక జాతి ప్రాబల్యం వల్ల అసమానం. J = 0.86 అన్న ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటే ఈ రెండు మాటల్లో రెండోది తలకిందులయ్యేది.